కారణం గడి నింపిందెవరు?

దినపత్రికల్లో జిల్లా పేజీ చదివే అలవాటున్నవారికి మూడు మాటలు కంఠతా వచ్చేసి ఉంటాయి: 'కడుపునొప్పి భరించలేక', 'మద్యానికి బానిసై', 'జీవితం మీద విరక్తి చెంది'. ఆత్మహత్య వార్తల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదో ఒకదానితో ముగుస్తాయి. మా మల్లాపూర్ నుంచి కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దాకా ఎన్ని గడపల ముందు ఈ మాటలు రాసుకుపోయారో లెక్కలేదు. సాంచాల మీద బతికేవాళ్ల చావులు వరుసగా వచ్చిన రోజుల్లో సిరిసిల్లను 'ఉరిసిల్ల' అని కూడా పిలిచారు. ఆ చావుల మీద పరిశోధన చేస్తామని వచ్చే విద్యార్థుల సినాప్సిస్‌లలో పాజిటివిజం, ఇంటర్‌ప్రెటివిజం అనే మాటలు తప్పకుండా కనిపిస్తాయి. వాటి వెనుక పేజీలో మాత్రం ఎవరిది చూసినా అదే ప్రశ్నావళి. ముందు పేజీకి, వెనుక పేజీకి పొంతన ఉండదు.

పాజిటివిజాన్ని ప్రత్యక్షవాదం అందాం. సమాజంలో జరిగేవాటిని కూడా వానను, ఎండను చూసినట్టే బయటి నుంచి చూసి, కొలిచి, నియమాలు కనిపెట్టవచ్చని దాని నమ్మకం. ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్య మీద రాసిన గ్రంథం దీనికి పెద్ద ఉదాహరణ. ఒక్కో మనిషి ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నను ఆయన పక్కన పెట్టాడు. ఒక సమాజంలో ఏటా ఆత్మహత్యల రేటు దాదాపు నిలకడగా ఎందుకుంటుంది, ప్రొటెస్టెంట్లలో ఎక్కువగా, కేథలిక్కులలో తక్కువగా ఎందుకుంటుంది అని అడిగాడు. మనిషిని సమాజం ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందన్న దానిలో జవాబు వెతికాడు.

ఈ దారిన సిరిసిల్లకు వచ్చే పరిశోధకుడు ఏం చేయాలి? అప్పు చావుకు దారితీస్తోందా అన్నది ప్రశ్న అనుకుందాం. చనిపోయినవారి వంద ఇళ్లు తిరిగితే 82 ఇళ్లలో అప్పు ఉందని తేలిందనుకుందాం. చాలామంది ఇక్కడే ఆగి, 82 శాతం మంది అప్పుల వల్లే చనిపోయారని రాసేస్తారు. అదే వాడలో, అదే వయసులో, అదే పని చేస్తూ బతికున్న వందమందిని అడిగితే 80 మందికి అప్పు ఉందని తేలితే ఆ వాక్యం కూలిపోతుంది. సాంచాల వాడలో అప్పు లేని ఇల్లే అరుదైతే, పోయినవారికీ ఉన్నవారికీ మధ్య తేడా అప్పు ఉండటంలో దొరకదు. కాబట్టి ఈ పద్ధతికి పోల్చి చూసే గుంపు తప్పనిసరి. అప్పు అంటే ఏమిటో ముందే నిర్వచించాలి, నమూనాను ఇష్టం వచ్చినట్టు కాకుండా ఒక నియమంతో ఎంచుకోవాలి, అందరినీ ఒకే ప్రశ్న ఒకే తీరుగా అడగాలి. ఇవేవీ లేని ప్రశ్నావళి ప్రత్యక్షవాదం కాదు, వట్టి ఫారం.

ఇన్నీ పాటించినా ఒక చిక్కు మిగులుతుంది. ఫారంలో 'మీరు యజమానా, కార్మికుడా?' అన్న ప్రశ్న ఉందనుకోండి. సిరిసిల్లలో ఆసామి ఏ గడిలో టిక్కు పెట్టాలి? సాంచాలు అతనివే. వాటి మీద ఎక్కే నూలు భీములు మాత్రం పెద్ద యజమాని ఇచ్చేవి. గుడ్డ నేసి అప్పగిస్తే చేతికొచ్చేది కూలి. చుట్టాల దృష్టిలో యజమాని, యజమాని దృష్టిలో కూలివాడు. అతను ఏ గడిలో టిక్కు పెట్టినా కాగితం మీద అతని బతుకులో సగమే పడుతుంది.

ఇంటర్‌ప్రెటివిజం, అంటే వ్యాఖ్యానవాదం, మొదలయ్యేది ఇక్కడే. మనుషులు తాము చేసే పనికి ఒక అర్థం ఇచ్చుకుంటారని, ఆ అర్థం పట్టుబడితే తప్ప పని అర్థం కాదని మాక్స్ వెబర్ నుంచి వచ్చిన ఆలోచన ఇది. ఈ పరిశోధకునికి అప్పు అనేది ఒక అంకె కాదు. బావమరిది ఇచ్చిన చేబదులు వేరు, మిత్తికి తెచ్చింది వేరు, వారంవారం గ్రూపులో పదిమంది ముందు కట్టాల్సింది వేరు. మొత్తం ఒకటే కావచ్చు, తల ఎత్తుకుని వాడలో నడవనిచ్చేది ఏది, నడవనియ్యనిది ఏది అన్నది ఆయన అడిగే ప్రశ్న. అందుకు వందమంది అక్కర్లేదు. పది, పదిహేను ఇళ్లకు మళ్లీ మళ్లీ పోవాలి. 'ఎందుకు జరిగింది' అని అడిగితే మనిషి సంజాయిషీ చెప్పుకుంటాడు. 'ఆ నెల ఎట్ల గడిచింది' అని అడిగితే కథ చెబుతాడు. కొత్త ఇల్లు కొత్త అర్థమేమీ చెప్పనంత వరకు తిరిగి, విన్నది వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ఈ పద్ధతి పొరపాటు పడే చోటు కూడా తెలిసిందే. పన్నెండు ఇళ్లలో విన్నదాన్ని పట్టుకుని 'సిరిసిల్ల నేత కార్మికుల్లో అత్యధికులు' అని రాస్తే, తన దగ్గర లేని హక్కును వాడుకున్నట్టే.

ఇప్పుడు మొదటి మూడు మాటలకు వద్దాం. దుర్ఖైమ్ మరణాల సంఖ్యను నమ్మాడు. అధికారులు రాసిన కారణాలను మాత్రం వాళ్ల అభిప్రాయాలుగా తీసిపారేశాడు. 1967లో అమెరికాలో జాక్ డగ్లస్ ఒకడుగు ముందుకేసి, అసలు ఒక చావును ఆత్మహత్యగా నమోదు చేయడమే ఒక వ్యాఖ్యానం కదా అన్నాడు. మన పంచనామా దగ్గర నిలబడి చూస్తే ఈ మాట బోధపడుతుంది. భర్త పోయిన ఆడమనిషి ఏడుస్తూ ఏదో చెబుతుంది, పెద్దమనుషులు సర్దిచెబుతారు, రాసేవారు అలవాటైన వాక్యంలోకి దాన్ని దించుతారు. ఇంటి గుట్టు బయటపడకుండా 'కడుపునొప్పి' కాపాడుతుంది.

అదే కాగితానికి పరిహారం ముడిపడితే వాక్యం బరువు మారుతుంది. 2004 నాటి జీవో 421 ప్రకారం రైతు ఆత్మహత్యను ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు ఉన్న త్రిసభ్య కమిటీ నిర్ధారించాల్సి ఉండేది. అప్పు కాగితం, పట్టాదారు పాస్‌బుక్ చూపాల్సి వచ్చేది. పేరున భూమి లేని కౌలుదారు, పట్టా లేని ఆడ రైతు ఆ లెక్కలోకి చేరడం కష్టమయ్యేది. లెక్క రాసే ఫారం కూడా మారుతుంటుంది. 2014 నుంచి జాతీయ నేర గణాంకాల సంస్థ రైతులను, వ్యవసాయ కూలీలను వేర్వేరు వరుసల్లో చూపడం మొదలుపెట్టింది. ఆ ఏడాది ముందూ వెనుకల అంకెలను కలిపి ఒకే గీతగా గీసినవారు, మనుషుల చావులతో పాటు ఫారం మారడాన్ని కూడా కొలిచారు.

అంటే రెండు వాదాలూ తప్పేనా? కాదు, రెండింటి ప్రశ్నలు వేరు. పవర్‌లూమ్ కార్మికుల్లో చావుల రేటు చుట్టుపక్కల ఊళ్లకన్నా ఎక్కువా, ఆర్డర్లు ఆగిన నెలల్లో పెరిగిందా అని తెలియాలంటే లెక్కే కావాలి, పది ఇళ్ల కథలు చాలవు. అంతే అప్పుతో పక్కింటాయన బతికి, ఈయన ఎందుకు బతకలేకపోయాడో తెలియాలంటే కూర్చుని వినాలి, లెక్క చాలదు. ప్రశ్నావళి చివర 'మీ అభిప్రాయం' అని రెండు గీతలు వదిలి, దాన్ని మిశ్రమ పద్ధతి అనుకోవడం మాత్రం రెండింటికీ అన్యాయం.

కనుక పరిశోధక మిత్రులకు ఒక్క మనవి. 'కారణం' అన్న వరుస నుంచి శాతాలు తీసేముందు, ఆ గడిని ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట నింపారో ఒక పేరా రాయండి. ఆ పేరా రాయలేకపోతే ఆ వరుసను మీ సిద్ధాంత గ్రంథంలోంచి తీసేయండి.