లీవులో ఉన్నాను, 29న కలుద్దాం

ఇండియా ప్రయాణం అనగానే మన ఇళ్ళల్లో సూట్‌కేసుల తూకం దగ్గరే సగం శ్రద్ధ అయిపోతుంది. ఆఫీసు సంగతి మాత్రం బయల్దేరే రోజు సాయంత్రం, టాక్సీ వచ్చే పది నిమిషాల ముందు గుర్తొస్తుంది. అవుట్‌లుక్‌లో "నేను లీవులో ఉన్నాను" అని రెండు ముక్కలు పెట్టేసి చెయ్యి దులుపుకుంటాం. ఆ రెండు ముక్కలూ చాలా సందర్భాల్లో సరిపోతాయి. సరిపోని సందర్భం ఒకటి 2025 సంక్రాంతికి నాకు ఎదురైంది. ఈసారి దాని గురించే.

నేను జనవరి 3, శుక్రవారం న్యూజెర్సీలో బయల్దేరాను. తిరిగి ఇల్లు చేరేది 25, శనివారం. ఆఫీసుకి 27, సోమవారం. క్లయింటు నియమం ప్రకారం వాళ్ళ లాప్‌టాప్ దేశం దాటకూడదు. కాబట్టి కాకినాడలో నా దగ్గర ఉన్నది మా కంపెనీ మెయిలు చదువుకునే ఫోను ఒక్కటే.

10వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి క్లయింటు మేనేజరు గారు ఒక మెయిలు రాశారు. అప్పటికి మన దగ్గర శనివారం తెల్లవారుజామున ఒంటిగంటన్నర. చలికాలంలో న్యూజెర్సీకి మనం పదిన్నర గంటలు ముందు కదా. గంటలవారీ జీతం మీద పనిచేసే వాళ్ళు తమ గంటలు నమోదు చేసుకునే వెబ్‌సైటు ఒకటి వాళ్ళకి ఉంది. దాన్ని కొత్త సర్వర్ల మీదికి మార్చే విషయం మాట్లాడాలి, వచ్చేవారం ఓ గంట కుదురుతుందా అని ఆ మెయిలు. చివర్లో ఇంకో వాక్యం ఉంది: "సర్టిఫికెట్టు కూడా 17తో అయిపోతున్నట్టుంది, అదీ అప్పుడే చూద్దాం."

ఆ మేనేజరు గారికి నేను లీవులో ఉన్నట్టు తెలియదా అంటే, తెలుసు. 6వ తేదీన ఆయన వేరే పని మీద రాసినప్పుడు నా ఆటోమేటిక్ జవాబు వెళ్ళింది. అయితే అవుట్‌లుక్ ఒక మనిషికి ఆ జవాబు ఒక్కసారే పంపుతుంది. మళ్ళీ రాస్తే ఊరుకుంటుంది. జీమెయిల్ అయితే అదే మనిషి రాస్తూ ఉంటే నాలుగు రోజులకోసారి పంపుతుంది. రోజుకి పది మెయిళ్ళు రాసేవాళ్ళని విసిగించకుండా ఈ ఏర్పాటు. మొదటి జవాబు మర్చిపోయినవాళ్ళకి మాత్రం రెండోసారి మౌనమే ఎదురవుతుంది. అందుకే నేనే స్వయంగా రాయాల్సి వచ్చింది.

ఆయన ఒకే మెయిల్లో రెండు పనులు కలిపేశారు. సర్వర్ల మార్పు మూడు వారాలు ఆగినా ఫరవాలేదు. సర్టిఫికెట్టు ఆగదు. అది వెబ్‌సైటుకి గుర్తింపు కార్డు లాంటిది. గడువు దాటితే బ్రౌజరు ఎర్రటి హెచ్చరిక చూపిస్తుంది. జనం భయపడి వెనక్కి వెళ్ళిపోతారు. ఆ వారం గంటలు నమోదు కాకపోతే వాళ్ళ జీతం చెక్కు ఆలస్యమవుతుంది. ఇంటద్దె ఆ చెక్కు మీదే కట్టేవాళ్ళు అందులో చాలామంది.

గడువులో ఇంకో కిటుకుంది. సర్టిఫికెట్టులో ఇలా రాసి ఉంటుంది:

```
notAfter=Jan 17 23:59:59 2025 GMT
```

17 అర్ధరాత్రి దాకా టైముందని అనిపిస్తుంది. కానీ అది గ్రీనిచ్ అర్ధరాత్రి. న్యూజెర్సీలో శుక్రవారం సాయంత్రం ఏడు. వారం చివర గంటలు నింపడానికి జనం కూర్చునేది సరిగ్గా అప్పుడే.

శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ రాసిన జవాబు ఇది. ఇంగ్లీషులో రాసినదాన్ని పేర్లూ నంబర్లూ తీసేసి తెలుగులో చెబుతున్నాను.

"మీ మెయిలు అందింది. నేను జనవరి 24 వరకు ఇండియాలో లీవులో ఉన్నాను. ఇక్కడినుంచి మీ సిస్టంలోకి వచ్చే వీలు లేదు. సర్వర్ల మార్పు గురించి జనవరి 29, బుధవారం ఉదయం 10 గంటలకు, లేదా 30, గురువారం మధ్యాహ్నం 2 గంటలకు, రెండూ మీ టైమే, కలుద్దాం. ఏది వీలో చెబితే చాలు. సర్టిఫికెట్టు మాత్రం అప్పటిదాకా ఆగదు. 17, శుక్రవారం సాయంత్రం మీ టైము 6:59కి ముగుస్తుంది. ఈ పని నా సహోద్యోగి చూస్తారు. కాపీ ఆయనకీ పంపుతున్నాను. ఆయన ఫోను నంబరు కింద ఇచ్చాను, మీ టైము 9 నుంచి 5 దాకా దొరుకుతారు. సోమవారం ఆయనే మీకు ఫోన్ చేస్తారు."

27న ఆఫీసుకి వస్తూ 29న ఎందుకు అని మా అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. సోమవారం మూడు వారాల మెయిళ్ళు చదవాలి. మంగళవారం సహోద్యోగి దగ్గర జరిగిందంతా వినాలి. పైగా సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్ళు మూతలు పడే రోజులవి. తేదీతోపాటు వారం పేరు రాయడం కూడా కావాలనే చేశాను. మనం 2/3 అంటే మార్చి రెండు, వాళ్ళకి ఫిబ్రవరి మూడు.

ఇక ఆ సహోద్యోగి సంగతి. చెన్నై నుంచి వచ్చిన మిత్రుడు. తన పేరు ఇస్తానని నేను బయల్దేరే ముందే అడిగాను, ఆయన ఒప్పుకున్నాడు. అడక్కుండా పేరిచ్చేవాళ్ళని చాలామందిని చూశాను, పాపం ఆ రెండోవాడి అవస్థ చెప్పనలవి కాదు. పేరున్నంత మాత్రాన కూడా లాభం లేదు, సర్వర్లోకి వెళ్ళే అనుమతి ఉండాలి. నా పాస్‌వర్డు చేతిలో పెట్టి వెళ్ళడం కుదరదు, కూడదు. ఆయన పేరు మీదే అనుమతి ఇప్పించి, డిసెంబరు చివర్లో నా పక్కన కూర్చుని ఒకసారి లోపలికి వెళ్ళి చూడమన్నాను.

అయినా పని నల్లేరు మీద నడక కాలేదు. కొత్త సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళు ఆ వెబ్‌సైటు పేరు మనదేనని రుజువు అడుగుతారు. దానికి పేర్ల పట్టికలో, అంటే డీఎన్ఎస్‌లో, ఒక వరుస చేర్చాలి. ఆ హక్కు మా ఇద్దరికీ లేదు, క్లయింటు దగ్గర వేరే విభాగానిది. సోమవారం అడిగితే బుధవారం చేర్చారు. ఇక్కడ మేం కనుమ జరుపుకుంటున్న రోజు. బుధవారం సాయంత్రం కొత్తది పెట్టాక, బ్రౌజరులో ఒకసారి కొత్త గడువు, ఇంకోసారి పాత గడువు కనిపించింది. ఆ సైటు వెనక రెండు సర్వర్లున్నాయి, ఒకదాంట్లోనే మారింది. మిత్రుడు ఐదారుసార్లు మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాడు గనక దొరికింది. ఒక్కసారి చూసి ఊరుకుంటే శుక్రవారం సాయంత్రం సగంమందికి ఎర్ర హెచ్చరికే. గురువారం పొద్దున్నకల్లా రెండోదీ సరిచేశాడు.

ఇదంతా నాకు 28వ తేదీ దాకా తెలియదు. ఆయన నాకు పంపింది ఒకటే లైను: "అయింది, వచ్చాక చెబుతా."

29న పదింటికి మేనేజరు గారూ నేనూ మిత్రుడూ కూర్చున్నాం. సర్వర్ల మార్పుకి గంట అనుకున్నది నలభై నిమిషాల్లో తేలింది. మిగతా ఇరవై నిమిషాలూ డీఎన్ఎస్ వరుస చేర్చే హక్కు ఇంకెవరికి ఉండాలన్నదాని మీదే నడిచింది. వచ్చే ఏడాది జనవరిలో లీవు తనదేనని మిత్రుడు అక్కడే చెప్పేశాడు.