ఎరుపులో ఎం సైజు ఉందా?

ఇన్‌స్టాలో కుర్తీలు అమ్ముతున్నారా? ఒకే డిజైన్, మూడు రంగులు, నాలుగు సైజులు అనుకోండి. షీట్‌లో ‘కుర్తీ - 40’ అని ఒక్క వరుసే రాసుకుంటే, ఎరుపు ఎం అయిపోయినా సరుకు ఉన్నట్టే కనిపిస్తుంది. ఆర్డర్ తీసుకున్నాక డబ్బులు వాపసివ్వాలి, పైగా తిట్లు ఫ్రీ!

అందుకే రెండు షీట్లు పెట్టండి. మొదటిదాంట్లో పేరు, బట్ట రకం, ఉతికే పద్ధతి ఒక్కసారి రాస్తే అన్నిటికీ అదే. రెండోదాంట్లో ప్రతి రంగు-సైజుకీ ఓ వరుస: `KUR01-RED-M`, స్టాక్ 3. ఈ కోడ్‌నే ఎస్‌కేయూ అంటారు. అమ్మినప్పుడు ఆ వరుసలోనే తగ్గించాలి.

లెక్కకి 12 వరుసలు రావాలి. పసుపులో ఎక్స్‌ఎల్ అసలు కుట్టించకపోతే 11 చాలు. స్టాక్ సున్నా అయితే ‘అయిపోయింది’ అని చూపించాలి, కుట్టించనిది చూపించనే కూడదు. ధర కూడా రెండో షీట్‌లోనే ఉండాలి, ఎక్స్‌ఎల్‌కి బట్ట ఎక్కువ పడుతుంది కదా.