సంతకానికి ముందే లెక్క

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏడాదికి 6 లక్షల సీటీసీతో ఆఫర్ లెటర్ పంపిందనుకుందాం. ఇంట్లోవాళ్లు పన్నెండుతో భాగించి నెలకు 50 వేలని చుట్టాలకు చెప్పేస్తారు. మొదటి జీతం రోజున బ్యాంకు మెసేజ్‌లో మాత్రం 36,800 కనబడుతుంది. కంపెనీ అబద్ధమాడలేదు. ఆ లెక్కంతా లెటర్ వెనకున్న అనెక్సర్‌లోనే ఉంది, చదివినవాళ్లు లేరంతే.

చదివి చూద్దాం. బేసిక్ 3 లక్షలు, ఇంటద్దె అలవెన్సు లక్షా 20 వేలు, స్పెషల్ అలవెన్సు 60 వేలు. నెలనెలా పేస్లిప్‌లోకి వచ్చేవి ఈ మూడే. కలిపితే నెలకు 40 వేలు. మిగతా లక్షా 20 వేలలో కంపెనీ కట్టే పీఎఫ్ 36,000, గ్రాట్యుటీ 14,430, ఆరోగ్య బీమా 9,570, వేరియబుల్ పే 60,000. పేస్లిప్‌లోని 40 వేలలోంచి మన వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 పోతే మిగిలేది 36,800.

పీఎఫ్ రెండు వాటాలూ మన ఖాతాలోనే జమవుతాయి, వాటికి బెంగ లేదు. గ్రాట్యుటీ సంగతి వేరు. శాశ్వత ఉద్యోగికి మామూలుగా అయిదేళ్లు నిండితే గానీ అది రాదు. రెండేళ్లకే మారిపోయే కుర్రాడికి ఆ 14,430 కాగితం మీది డబ్బే. అన్నిటికన్నా జారుడు పదార్థం వేరియబుల్. దాని పక్కన “60 వేల వరకు”, “కంపెనీ పనితీరును బట్టి”, “చెల్లింపు తేదీ నాటికి ఉద్యోగంలో ఉంటేనే” అన్న ముక్కలుంటే అది జీతం కాదు, ఆశ. కిందటి ఏడాది ఈ స్థాయి ఉద్యోగులకు అందులో ఎంత శాతం ఇచ్చారని అడగండి. సమాధానం రాకపోతే మీ లెక్కలో దాన్ని సున్నా వేసుకోండి.

ఇక ప్రొబేషన్. “ఆరు నెలలు, అవసరాన్ని బట్టి యాజమాన్యం పొడిగించవచ్చు, రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు ప్రొబేషన్ కొనసాగినట్టే” అని ఉంటుంది. ఇందులో గడువు ఆరు నెలలు కాదు, గడువే లేదు. ఆరు నెలలు దాటాయి కాబట్టి మనం పర్మనెంటయ్యామనుకోవడానికి ఈ మాటలు చోటివ్వవు. పేరు ఏదైతేనేం అనుకుంటారు చాలామంది. కానీ వేరియబుల్ కన్ఫర్మ్ అయినవాళ్లకే అని అనెక్సర్‌లో ఉంటే, కన్ఫర్మేషన్ ఉత్తరం ఆలస్యమైన ప్రతి నెలా 5 వేలు జారిపోతుంది. పైగా ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను కంపెనీ 15 రోజుల నోటీసుతో పంపేయవచ్చని ఇంకో పేరాలో ఉంటుంది. పొడిగింపు ఎన్ని నెలలు మించకూడదో, ఒక్కసారేనా కాదా, కారణం రాసిస్తారా లేదా తేల్చుకోవాలి.

నోటీసు పీరియడ్ పేరాలో అంకె కంటే దాని పక్క మాటలే ముఖ్యం. ఉద్యోగి 90 రోజులు పనిచేయాలి, లేదా “యాజమాన్యం ఒప్పుకుంటే” ఆ రోజుల జీతం కట్టి వెళ్లవచ్చు అని ఉంటుంది. ఆ “ఒప్పుకుంటే” వల్ల డబ్బు చేతిలో ఉన్నా రిలీవింగ్ లెటర్ రాకపోవచ్చు. కొత్త కంపెనీ 30 రోజుల్లో చేరమందనుకోండి. మిగిలిన 60 రోజులకు కట్టాల్సింది బేసిక్ మీదైతే 50 వేలు, మొత్తం నెల జీతం మీదైతే 80 వేలు. లెటర్‌లో ఉత్తినే “జీతం” అని ఉంటే 30 వేల తేడా గాలిలో ఉన్నట్టే. కంపెనీ మనల్ని తీసేసేటప్పుడు కూడా అదే 90 రోజులా, లేక 30 రోజుల బేసిక్ చేతిలో పెట్టి పంపేస్తారా అన్నదీ చూడండి. ఆ రెండు అంకెలూ ఒకటి కాకపోతే బేరం ఎటు మొగ్గిందో తెలుస్తుంది.

“అవన్నీ ఫార్మాలిటీసండీ, మేం ఎవరినీ ఇబ్బంది పెట్టం” అని హెచ్‌ఆర్ ఫోన్‌లో అంటారు. వాళ్లు నిజమే చెబుతూ ఉండవచ్చు. కానీ అదే లెటర్ చివర, ఇంతకుముందు జరిగిన మాటలన్నిటినీ ఈ పత్రం రద్దు చేస్తుందనే వాక్యం తరచూ ఉంటుంది. ఫోన్‌లో విన్న హామీ ఆ వాక్యం దగ్గరే చెల్లిపోతుంది.

ఫ్రెషర్ అడిగితే పెద్ద కంపెనీలు లెటర్ మార్చవు, నిజమే. అందరికీ ఒకటే నమూనా. అయినా వివరణ అడిగితే ఇవ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. అంగీకారం పంపకముందే నాలుగు ప్రశ్నలు మెయిల్ చేయండి: నెలకు చేతికొచ్చేదెంత, ప్రొబేషన్ గరిష్ఠంగా ఎన్ని నెలలు, నోటీసు బదులు కట్టే డబ్బు బేసిక్ మీదా మొత్తం మీదా, వేరియబుల్ ఎప్పటినుంచి ఎవరికి. జవాబు మెయిల్‌లోనే తీసుకుని, మీ సొంత మెయిల్‌లో దాచుకోండి, కంపెనీ మెయిల్ చివరి రోజున మూతపడుతుంది. సంతకం పెట్టాక ఇవే ప్రశ్నలు అడిగితే అది ఫిర్యాదవుతుంది. పెట్టకముందు అడిగితే మామూలు సందేహమే.