పుస్తకానికి నాలుగు వరుసలు

జనవరిలో ఉత్సాహంగా మొదలైన పఠన డైరీ మార్చి నాటికి మూలన పడుతుంది. తప్పు బద్ధకానిది కాదు, గళ్లది. రచయిత, ప్రచురణకర్త, సారాంశం, పాత్రలు, నచ్చిన వాక్యాలు అంటూ పుస్తకానికి రెండేసి పేజీలు నింపాలంటే, అంత రాయాలన్న బెంగతోనే నాలుగో పుస్తకం చదవడం వాయిదా పడుతుంది.

16వ శతాబ్దపు ఫ్రెంచి వ్యాసకర్త మాంటేన్‌కు మతిమరుపు ఎక్కువ. ఎప్పుడో శ్రద్ధగా చదివి, అంచుల్లో గీకిపెట్టిన పుస్తకాన్నే కొత్తదనుకుని మళ్లీ చేతిలోకి తీసుకునేవారు. దానికి ఆయన కనిపెట్టిన విరుగుడు చిన్నది. పుస్తకం చివర, ముగించిన తేదీ, మొత్తమ్మీద కలిగిన అభిప్రాయం రాసిపెట్టుకోవడం. అంతే. గాంధీ ఎరవాడ జైలు డైరీలో (1922-24) పలుచోట్ల పూర్తయిన పుస్తకాల పేర్లే ఉంటాయి. ఏం చదివారో తెలుస్తుంది, ఏమనుకున్నారో తెలియదు. పేరు, తేదీలకు మాంటేన్ తరహా తీర్పు ఒకటి జోడిస్తే డైరీకి పనికొచ్చే రూపం వస్తుంది.

ఉదాహరణకు 'కన్యాశుల్కం'. మొదటి వరుస: గురజాడ, 1909 కూర్పు, ముగించిన తేదీ. ఏ కూర్పో రాయడం చాదస్తం కాదు. 1897 నాటి నాటకానికీ దీనికీ చాలా తేడా ఉంది. రెండో వరుసలో ముఖ్యమైన ఆలోచన. 'బాల్యవివాహాల మీద నాటకం' అని రాస్తే దండగ, ఆ ముక్క అట్ట మీదే ఉంటుంది. 'సంస్కరణ గురించి ఉపన్యాసాలిచ్చేది గిరీశం, చిక్కుముడి విప్పేది మధురవాణి' అంటే అది చదివినవారి మాట. మూడో వరుసలో మళ్లీ చూడాల్సిన పేజీల నంబర్లు. నాలుగోది రేటింగ్.

రెండో వరుసను పుస్తకం మూసిన రెండు రోజులకు, మళ్లీ తెరవకుండా రాయాలి. అప్పటికీ ఏమీ తోచకపోతే అదీ ఒక తీర్పే. పేజీ నంబర్లను మాత్రం చదువుతున్నప్పుడే చీటీ మీద వేసుకోవాలి. వాక్యాలను గుర్తుంచుకునే విషయంలో జ్ఞాపకాన్ని నమ్మలేం.

రేటింగ్‌కు ఐదు నక్షత్రాల పద్ధతి చాలామందికి అచ్చిరాదు. మొహమాటం కొద్దీ అన్నిటికీ నాలుగే పడతాయి. చివరి ఇరవై పుస్తకాల్లో పదిహేనింటికి ఒకే మార్కు కనిపిస్తే ఆ కొలబద్ద చెడినట్టే. దానికన్నా మూడు మాటలు నయం: 'మళ్లీ చదవాలి', 'ఒకసారి చాలు', 'వదిలేశాను'. మూడోదాని పక్కన ఏ పేజీలో వదిలారో కూడా వేస్తే, సగంలో ఆగిన పుస్తకాల లెక్కా తేలుతుంది. ఏడాది తర్వాత అభిప్రాయం మారితే పాతదాన్ని కొట్టేయకుండా, కింద కొత్త తేదీతో రాసుకోవడం మేలు.

పరిశోధన విద్యార్థికి ఈ నాలుగు వరుసలు చాలవు. ఆ పుస్తకాలకు విడిగా నోట్సు పుస్తకం ఉండాల్సిందే. రెంటినీ ఒకే డైరీలో కలిపితే మళ్లీ మార్చి గండమే.