పెద్ద రోడ్డు వాడిదేనా న్యాయం?

ఈసారి లెక్కల బదులు ఒక చిక్కు ప్రశ్న. కల్పించినదే అయినా మా నాగలమడికలో ఎవరికైనా ఎదురుకాగలదు.

పావగడ నుంచి నాగలమడికకు తారు రోడ్డు మీద ఒకతను మోటారు సైకిల్‌పై వస్తున్నాడు. వెనక బావమరిది. అతని కుడివైపు మట్టిదారి నుంచి, వేరుశనగ మూటలతో ట్రాలీ లాగుతున్న ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా అవతలి పొలానికి దాటుతోంది. కూడలిలో సిగ్నలు లేదు, బోర్డు లేదు. బండి ముందు చక్రం ట్రాలీ ఎడమ పక్క మధ్యలో కొట్టుకుంది. ముందు బ్రేకు గుర్తులేమీ లేవు. "నాది పెద్ద రోడ్డు" అంటాడు బండి అతను. "నేను సగం దాటేశాను" అంటాడు ట్రాక్టరు అతను. తప్పెవరిది?

నిబంధన రెండు ముక్కలు. ప్రధాన రహదారిగా గుర్తించిన రోడ్డులోకి వచ్చేవాడు దాని మీద పోయేవారికి దారి ఇవ్వాలి. అలా గుర్తించని చోట కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. 1989 నాటి నిబంధనల స్థానంలో 2017లో కొత్తవి వచ్చినా కుడిచేతి సూత్రం అలాగే ఉంది. ఇక్కడ బోర్డు లేదు. తారు వేసినంత మాత్రాన ఆ రోడ్డు ప్రధాన రహదారి అయిపోదు. కాబట్టి దారి ఇవ్వవలసినవాడు బండి అతనే. మట్టిదారి మొదట్లో "ఆగుము" బోర్డు ఉంటే తీర్పు తిరగబడేది.

మరి ట్రాక్టరు అతను నిర్దోషా? కాదు. కూడలికి వచ్చే ఎవరైనా వేగం తగ్గించి, ప్రమాదం లేదని చూసుకునే లోపలికి రావాలి. ముందు ప్రవేశించడం ఒక్కటే హక్కు ఇవ్వదు. అయితే దెబ్బ ట్రాలీ మధ్యలో తగిలింది కనుక ట్రాక్టరు అప్పటికే చాలాసేపుగా కంటికి కనబడుతూ ఉండాలి. బ్రేకు గుర్తులు లేకపోవడం బండి అతను చూడలేదనే అనుమానాన్ని పెంచుతుంది. కానీ అదొక్కటే రుజువు కాదు, సాక్షులు కావాలి. నా లెక్కలో బండి వాటా 60, ట్రాక్టరు వాటా 40. చివరి మాట ట్రిబ్యునల్‌ది.

ఇప్పుడు డబ్బు. ఇద్దరికీ తలా లక్ష రూపాయల నష్టం అనుకోండి. బండి నడిపినవాడికి తన తప్పు పోను 40,000 వస్తుంది. వెనక కూర్చున్న బావమరిది తప్పేమీ చేయలేదు. అతను పూర్తి లక్షనూ ఇద్దరిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో ఖేన్యేయ్ కేసులో చెప్పింది. వాటాల లెక్క తర్వాత వాళ్లిద్దరూ తేల్చుకోవాలి.

ఇక్కడే చాలామంది నష్టపోతారు. బండికి చట్టప్రకారం కనీసపు పాలసీ మాత్రమే ఉంటే వెనక కూర్చున్నవాడికి అందులో రక్షణ ఉండదు. అప్పుడు అతనికి దిక్కు ట్రాక్టరు బీమాయే. "తప్పంతా మాదే" అని ఊరి పెద్దల ముందు రాజీపత్రం మీద సంతకం పెడితే ఆ దారీ కష్టమవుతుంది. కాబట్టి కాగితం కంటే ముందు, బండ్లు కదపకముందే, చక్రాలు ఎక్కడున్నాయో ఫొటో తీయించండి.