కీ ఎక్కువై ఏ గడియారమూ చావలేదు

చేతిగడియారానికి కీ ఎక్కువిస్తే పాడైపోతుందన్న మాట మన ఇళ్ళలో ఒక శాస్త్రవాక్యంగా చెలామణీ అవుతోంది. తాతల నాటి హెచ్.ఎం.టి. గడియారాలను పెట్టెల్లోంచి తీసి మళ్ళీ ముంజేతికి కట్టుకుంటున్న నేటి యువకులు సైతం, ఆ గడియారంతోబాటు ఈ భయాన్నీ వారసత్వంగా స్వీకరిస్తున్నారు. ఇది అబద్ధమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. నిరపాయకరమైన అబద్ధమైతే ఊరకుందును. కానీ దీని మూలాన నేను పదేళ్ళ వయసులో దోషినయ్యాను.

మా నాన్నగారు దివిసీమలో బడిపంతులు. 1973లో కొనుక్కున్న జనతా గడియారం ఆయనకున్న ఏకైక ఆభరణం. జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్.ఎం.టి. వారు 1961లో బెంగుళూరులో మొదలుపెట్టిన కర్మాగారం పుణ్యమా అని, అటువంటి గడియారం ఒక పంతులుగారి చేతికి అందింది. ఉదయాన్నే దానికి కీ ఇచ్చే పని నాకప్పగించారు. 1984 వేసవిలో, గుడివాడలో మా మేనమామగారింట ఉండగా, ఒకనాటి ఉదయం అది ఆగిపోయింది. కీ తిప్పబోతే కదలలేదు. నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని రిపేరు దుకాణానికి వెళ్ళి, "కీ బిగుసుకుపోయిందండీ, తిరగడం లేదు," అన్నారు. ఆ పెద్దమనిషి కంటికి భూతద్దం పెట్టుకుని చూసి, నావైపు తిరిగి, "కుర్రాడు కీ ఎక్కువిచ్చేశాడు మాస్టారూ!" అని తీర్పు చెప్పాడు.

నాన్నగారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ మర్నాటినుంచీ కీ తామే ఇచ్చుకున్నారు, అంతే. అదీ లెక్కపెట్టి పది తిప్పులు మాత్రమే.

ఆ తీర్పులోని తప్పు ఎక్కడుందో చూద్దాం. గడియారం లోపల ఒక చిన్న గుండ్రని డబ్బీ, అందులో చుట్టలు చుట్టిన ఉక్కు పట్టీ ఉంటాయి. అదే మెయిన్ స్ప్రింగు. దాని ఒక కొస డబ్బీ గోడకూ, రెండో కొస మధ్యనున్న ఇరుసుకూ పట్టుకుని ఉంటాయి. మనం కీ తిప్పితే ఆ ఇరుసు తిరిగి, పట్టీని తనచుట్టూ చుట్టుకుంటుంది. చుట్టుకున్నది వెనక్కి విడిపోకుండా పళ్ళచక్రానికి ఒక చిన్న మీట అడ్డుపడుతుంది. మనకు వినిపించే కిటకిట శబ్దం దానిదే. పట్టీ మొత్తం ఇరుసుకు చుట్టుకున్నాక ఇక చుట్టడానికి మిగిలేదేమీ లేదు గనక కీ ఆగిపోతుంది. ఆ ఆగడం ప్రమాద సూచిక కాదు. బిందె నిండిందని చెప్పే గుర్తు. రోజూ అంతదాకా చుట్టుకోవడానికే ఆ స్ప్రింగును తయారుచేశారు.

ఇప్పుడు నాన్నగారి మాట మళ్ళీ వినండి: "కీ తిరగడం లేదు." స్ప్రింగు తెగి ఉంటే కీ బిగుసుకోదు, ఎంత తిప్పినా అంతు లేకుండా వట్టినే తిరుగుతుంది. కీ నిండుగా ఉండి కూడా గడియారం నడవలేదంటే స్ప్రింగు క్షేమంగా ఉందనీ, దాని బలం ముందుకు పారడం లేదనీ అర్థం. అడ్డు తరువాతి చక్రాలలో ఎక్కడో ఉంది. ఎండిన నూనె కావచ్చు, దుమ్ము కావచ్చు, తుప్పు కావచ్చు. నా నిర్దోషిత్వానికి సాక్ష్యం ఆ దుకాణంలోనే, నాన్నగారి నోటనే వెలువడింది. వినేవారు లేకపోయారు.

మరి ఈ అపోహ పుట్టిందెలా? పాతకాలపు స్ప్రింగులు కార్బన్ ఉక్కువి. తడిగాలికి వాటిపై తుప్పు చుక్క ఏర్పడితే, అక్కడినుంచి పగులు మొదలై ఏదో ఒకనాడు పుటుక్కున తెగేవి. బిగువు ఎక్కువగా ఉన్నప్పుడు, అంటే కీ ఇస్తుండగానో, ఇచ్చిన కొద్దిసేపటికో తెగడం సహజం. నింద ఆ క్షణాన కీ పట్టుకున్న వేళ్ళమీద పడింది. తరువాత తుప్పుపట్టని మిశ్రలోహపు స్ప్రింగులు వచ్చాయి. తెగడం అరుదైంది గానీ నింద మాత్రం తెగలేదు. రిపేరు చేసేవారికి కూడా అది అనువైన మాట. నూనె ఎండిపోయిందని వివరించడం కన్నా కుర్రాణ్ణి చూపించడం తేలిక.

ఇక "ఎన్ని తిప్పులు?" అన్న ప్రశ్న. ఇరవై అని ఒకరు, నలభై అని ఒకరు తగువులాడుకుంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఒకరు లెక్కించేది కీ పూర్తిగా ఒక చుట్టు తిరగడాన్ని, మరొకరు లెక్కించేది బొటనవేలు ఒకసారి ముందుకు తోయడాన్ని. ఒక తోపుకు కీ సుమారు అరచుట్టే తిరుగుతుంది. వేలు వెనక్కి తెచ్చినప్పుడు స్ప్రింగు చుట్టుకోదు. ఇప్పుడు నా దగ్గరున్న ఆ జనతాను దానంతటది ఆగిపోయేదాకా వదిలి, కీ ఇచ్చి చూశాను. ముప్ఫైయారు తోపులకు నిండింది. అక్కడినుంచి నలభైరెండు గంటలు నడిచింది. అంటే తోపుకు డెబ్బై నిమిషాలు. ఇరవైనాలుగు గంటల తరువాత ఇస్తే ఇరవై, ఇరవైయొక్క తోపులకే నిండుతుంది. మీ గడియారం లెక్క వేరుగా ఉండవచ్చు. అంకెను కాదు, వేలికి తగిలే ఆ గట్టిదనాన్ని నమ్మండి.

ఈ లెక్కన నాన్నగారి పది తిప్పులు ఎంతసేపు వస్తాయి? పదకొండు గంటల నలభై నిమిషాలు. ఉదయం ఆరింటికి ఇస్తే సాయంత్రం ఆరు కాకముందే ఆగిపోతుంది. అలాగే ఆగిపోయేది. ఆయన రోజూ తెల్లవారి రేడియో వార్తలకు ముళ్ళు సరిచేసుకుని, "ముసలిదైపోయిందిరా," అనేవారు. స్ప్రింగు నిండుగా లేని గడియారంలో బ్యాలెన్స్ చక్రపు ఊపు తగ్గి సమయం కూడా నిలకడ తప్పుతుంది. బలహీనత గడియారానిది కాదు, భయానిది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. నిండిన తరువాత కూడా బలం ఉపయోగించి మెలితిప్పితే మీట, పళ్ళు, కీ కాడ, స్ప్రింగు కొస, ఏదైనా విరగవచ్చు. అది కీ ఎక్కువవడం కాదు, మొరటుతనం. గడియారాన్ని చేతినుంచి విప్పి, కాడ ఒక పక్కకు ఒరగకుండా పట్టుకుని, రోజూ ఒకే వేళకు మెల్లగా తిప్పండి. గట్టిగా తగలగానే ఆపండి. ఆటోమేటిక్ గడియారాలలో స్ప్రింగు వెలుపలి కొస డబ్బీ గోడవెంట జారేలా ఉంటుంది గనక ఆ గట్టిదనం తగలదు. దానికోసం వెతక్కండి.

1996లో ఆ జనతా పూర్తిగా ఆగిపోయింది. "పదే కదరా ఇచ్చాను!" అన్నారు నాన్నగారు, అయోమయంగా. దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టేశారు. ఆయన పోయాక 2006లో మచిలీపట్నంలో ఒక వృద్ధ పనివాడి ముందుంచాను. ఆయన విప్పి, ఒక్కొక్క చక్రమూ తీసి చూపించాడు. కీ కాడమీద ఉప్పుగాలి తుప్పు. ఇరుసుల రంధ్రాలలో తుమ్మజిగురులా గడ్డకట్టిన నూనె. డబ్బీ మూత తీస్తే స్ప్రింగు ఏకఖండంగా, మెరుస్తూ ఉంది.

"కీ ఎక్కువైందా అండీ?" అని అడిగాను.

"కీ ఎక్కువవడమేమిటి బాబూ? దీనికి ఎన్నాళ్ళకొకసారి నూనె వేయించారు?" అన్నాడాయన.

గుడివాడలో వేయించిన తరువాత పన్నెండేళ్ళపాటు ఎవరూ వేయించలేదు. నాలుగైదేళ్ళకొకసారి శుభ్రం చేయించి నూనె మార్పించాలని మాకెవరూ చెప్పలేదు. చెప్పిందల్లా కీ గురించే.

ప్రభుత్వం 2016లో హెచ్.ఎం.టి. గడియారాల కంపెనీని మూసివేయాలని నిర్ణయించింది. ఉన్నవి ఉన్నాయి. మీ ఇంట్లో ఒకటుంటే ఏ పిల్లవాడి చేతికైనా ఇచ్చి, నిండేదాకా తిప్పమనండి. అది ఎప్పుడైనా ఆగిపోతే ముందుగా నూనె సంగతి అడగండి, పిల్లవాడి ముఖంవైపు చూడకండి.