మోకా పాట్ కాఫీ ఎందుకు చేదెక్కుతుంది?

గల్ఫ్ నుండి సెలవుపై నిమ్మాడ వచ్చిన మా చెల్లెలి కుమారుడు మూడు కప్పుల మోకా పాట్ ఒకటి మాకు కానుకగా తెచ్చాడు. ఆ సాయంత్రమే దానిని గ్యాస్ పొయ్యిపై పెట్టాము. కాఫీ బుసబుసమని పైకెగిరి పొయ్యి నిండా చిందింది. మిగిలినదానికి మాడు వాసన, నాలుకకు అంటుకునే చేదు. లోపం పాత్రలో ఉన్నదనుకున్నాము. నిజానికి అది మా పద్ధతిలో ఉన్నది.

బియాలెట్టి పేరుతో 1933లో ఇటలీలో పుట్టిన ఈ పాత్రకు యమన్‌లోని మొఖా రేవు పేరు పెట్టారు. దీని అడుగు గదిలో నీరు, నడుమ గరాటులో పొడి, పైన కూజా ఉంటాయి. వేడికి అడుగు గదిలోని గాలి, ఆవిరి ఉబ్బి నీటిని గరాటు గుండా పొడిలోకి నెడతాయి. గరాటు మూతి అడుగును తాకదు గనుక చివరకు కొంత నీరు కింద మిగులుతుంది. నీటిమట్టం ఆ మూతి కన్నా దిగగానే ఆవిరి దూసుకువస్తుంది. మనం వినే బుసబుస అదే. అప్పటికే సారం ఇచ్చివేసిన పొడి నుండి ఆ ఆవిరి, మరిగే నీరు చేదును మాత్రమే లాగుతాయి.

మేము చేసిన మొదటి తప్పు పెద్ద బర్నర్‌పై మంటను పూర్తిగా పెంచడం. మంట పాత్ర పక్కలకు ఎగబాకి, నీటిని అదుపు లేకుండా ఎగదోసింది. రెండవది, చికోరీ కలిసిన సన్నని ఫిల్టర్ కాఫీ పొడిని చెంచాతో అదిమి నింపడం. అందువలన నీటికి దారి మూసుకుపోయి, ఒత్తిడి పెరిగింది. మూడవది, శబ్దం ఆగేదాకా వేచి ఉండడం.

మరునాడు మేనల్లుడే పక్కన నిలబడి చేయించాడు. విడిగా కాచిన నీటిని సేఫ్టీ వాల్వుకు దిగువ వరకే పోశాము. చల్లని నీరైతే అది కాగేలోగా పైనున్న పొడి కూడా వేడెక్కి మాడుతుందట. చికోరీ లేని అరకు కాఫీ గింజలను సన్న ఉప్పంత పలుకుగా మర పట్టించి, సుమారు 15 గ్రాముల పొడిని అదమకుండా సమంగా పరచాము. అంచున పడిన పొడిని వేలితో తుడిచి, అడుగు గదిని గుడ్డతో పట్టుకుని గట్టిగా బిగించాము. చిన్న బర్నర్‌పై మంట పాత్ర అడుగును దాటకుండా తగ్గించి, మూత తెరిచే ఉంచాము.

కాసేపటికి ముదురు గోధుమ రంగు ధార నెమ్మదిగా జారింది. అది పలుచబడి తేనె రంగుకు మారగానే మేనల్లుడు, “ఖాలా, ఇక ఆపెయ్యండి, శబ్దం వచ్చేదాకా ఆగొద్దు” అన్నాడు. పొయ్యి ఆర్పి, పాత్ర అడుగును తడిగుడ్డపై ఉంచాము. కింది గది చల్లబడి ధార ఆగిపోయింది. ఆ రోజు కాఫీలో మాడు వాసన లేదు.

ఆరంభం నుండే బిగింపు వద్ద ఆవిరి బయటికి కారుతుంటే మాత్రం మంటను తప్పుపట్టరాదు. రబ్బరు వలయం అరిగి ఉండాలి, లేదా దాని కింద పొడి చిక్కుకుని ఉండాలి. సేఫ్టీ వాల్వు నుండి ఆవిరి వస్తే వెంటనే పొయ్యి ఆర్పాలి. పాత్ర పూర్తిగా చల్లారేదాకా దానిని విప్పరాదు.